ఇంటర్న్‌షిప్ ప్రకటనలో తప్పనిసరి ఏది, ఉంటే మంచిది ఏది?

శ్రోతలకు నమస్కారం. మీ ఇంట్లో ఫస్టియర్ చదివే పిల్లలుంటే కాసేపు వాళ్లను కూడా రేడియో దగ్గరికి పిలవండి. ఇంటర్న్‌షిప్ ప్రకటన ఎలా చదవాలో చెప్పుకుందాం. అందులో రాసినవన్నీ వస్తేనే అప్లై చేయాలా, కొన్ని రాకపోయినా ఫర్వాలేదా, ఆ కొన్ని ఏవి అన్నదే ఇవాళ్టి మాట.

పెద్ద కంపెనీలు ఈ పని కొంత సులువు చేస్తాయి. గూగుల్ ప్రకటన చూడండి, ‘మినిమమ్ క్వాలిఫికేషన్స్’ అని ఒక భాగం, ‘ప్రిఫర్డ్ క్వాలిఫికేషన్స్’ అని ఇంకో భాగం ఉంటాయి. మొదటి భాగంలోవి ఉండి తీరాలి. రెండో భాగంలోవి ఉంటే మంచిది. చిక్కంతా మన చుట్టుపక్కల చిన్న కంపెనీల ప్రకటనలతోనే. అక్కడ అన్నీ ఒకే వరుసలో కలగాపులగంగా ఉంటాయి.

మా మేనకోడలు తిరుపతిలో బీటెక్ ఫస్టియర్. వేసవికి ముందు ఫోన్‌లో ఒక ప్రకటన తెచ్చి చూపించింది. "మామా, ఇందులో సగం నాకు రావు. వదిలేస్తాలే" అంది. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో డేటా ఇంటర్న్ ఉద్యోగం అది. కావలసిన నైపుణ్యాలు అని ఒక వరుస ఇచ్చారు: ఎక్సెల్, పైథాన్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ, ట్యాలీ, తెలుగులో బాగా మాట్లాడటం, పనిలో శ్రద్ధ. ఏది ముఖ్యమో, ఏది కాదో ఎక్కడా చెప్పలేదు.

"నైపుణ్యాలు తర్వాత చూద్దాం, పని ఏమని రాశారో చదువమ్మా" అన్నాను. ఆ భాగాన్ని ఆ పిల్ల చదవనే లేదు. చాలామంది చదవరు. అందులో మూడే ముక్కలున్నాయి. రోజూ వచ్చే కాయల లోడ్ల వే బ్రిడ్జి స్లిప్పులను ఎక్సెల్‌లో ఎక్కించి సరిచూడాలి. వారానికోసారి ఏ మండీ నుంచి ఎన్ని టన్నులు వచ్చాయో లెక్క తీసి మేనేజరుకు ఇవ్వాలి. తేడా వస్తే మండీకో, రైతుకో ఫోన్ చేసి కనుక్కోవాలి. అంతే.

ఇప్పుడు ఒక్కో నైపుణ్యాన్నీ పట్టుకుని, ఈ మూడు పనుల్లో ఇది దేనికి కావాలి అని అడుగుతూ పోయాం. ఎక్సెల్? మొదటి పనికీ కావాలి, రెండో పనికీ కావాలి. కాబట్టి తప్పనిసరి. ఎంత వరకు రావాలన్నది కూడా పనే చెబుతోంది. మండీల వారీగా టన్నులు కూడటానికి సమ్ ఇఫ్ గానీ పివట్ టేబుల్ గానీ వస్తే సరిపోతుంది. తెలుగులో మాట్లాడటం? మూడో పనంతా అదే. తప్పనిసరి.

పనిలో శ్రద్ధ అన్నది ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది. ఊరికే రాస్తారని మనం దాటేస్తాం. ఇక్కడ మాత్రం అలా కాదు. లోడుతో ట్రాక్టర్ తూకం 6,840 కిలోలు, ఖాళీ బండి 2,610 కిలోలు అనుకోండి. కాయలు 4,230 కిలోలు. అదే 4,320 అని టైపు చేస్తే రైతు లెక్కలో 90 కిలోలు తేడా. సాయంత్రం ఆఫీసులో గొడవ. (పాత గుమాస్తాలకు ఒక కిటుకు తెలుసు. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా తొమ్మిదితో భాగింపబడుతుంది. 90 చూడగానే ఎక్కడ వెతకాలో వాళ్లకు అర్థమైపోతుంది.) కాబట్టి శ్రద్ధ కూడా తప్పనిసరే.

ఇక పైథాన్. మూడు పనుల్లో దేనికి? దేనికీ కాదు. ఎస్‌క్యూఎల్? డేటాబేస్ మాటే ఎక్కడా లేదు. పవర్ బీఐ? వారం లెక్కకు పనికి రావచ్చు గానీ, ఎక్సెల్‌తోనూ అయిపోతుంది. ట్యాలీ? కొనుగోలు బిల్లులు అకౌంట్స్ వాళ్లు చూసుకుంటారు, ఇంటర్న్ చేతికి రావు. ఈ నాలుగూ ఉంటే మంచిది, లేకపోయినా పని ఆగదు. అవి ప్రకటనలోకి ఎలా వచ్చాయంటారా? ఆఫీసుల్లో చాలాసార్లు జరిగేదే. పాత ప్రకటననో, వేరే కంపెనీ ప్రకటననో కాపీ చేసి పైన పేరు మారుస్తారు. రాసినాయనకు పైథాన్ అక్కర్లేదు, అయినా తీసెయ్యడానికి మనసు రాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ లెక్క అన్నిసార్లూ పని చేయదు. అప్లికేషన్ ఫారంలో ‘మీకు పైథాన్ వచ్చా, అవునా కాదా’ అని విడిగా అడిగారనుకోండి. అప్పుడది తప్పనిసరి కిందే లెక్క, ఎందుకంటే కాదన్నవాళ్లను అక్కడే పక్కన పెట్టే వీలుంది. అలాగని రాకపోయినా అవునని కొట్టకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఇంకో మాట. ‘జావా ఆర్ పైథాన్’ అని ఉంటే ఏదో ఒకటి చాలు. పిల్లలు కంగారులో ఆ ‘ఆర్’ చూడకుండా రెండూ కావాలనుకుంటారు.

ఇంతా చేసి, అసలు అడ్డంకి నైపుణ్యాల వరుసలో లేనే లేదు. అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. మే 15 నుంచి జులై 15 దాకా, వారానికి ఆరు రోజులు, ఆఫీసుకు వచ్చి చేయాలి. తోతాపురి కాయ దిగే సీజన్‌లోనే వాళ్లకు మనిషి కావాలి. మా పిల్లకు జూన్‌లో సెమిస్టర్ పరీక్షలు. పైథాన్ రాదని దిగులు పడిందే గానీ ఈ తేదీలు చూసుకోలేదు. తేదీలు, ఊరు, ఏ సంవత్సరం విద్యార్థులు అన్నవి గట్టి షరతులు. ‘ప్రీ ఫైనల్ ఇయర్ వాళ్లకు మాత్రమే’ అని ఉంటే ఫస్టియర్ పిల్లకు ఎన్ని నైపుణ్యాలున్నా లాభం లేదు. అందుకే నన్నడిగితే ప్రకటనను కింద నుంచి పైకి చదవాలి. ముందు షరతులు, తర్వాత పని, చివర్న నైపుణ్యాలు.

అక్కడున్న నంబరుకు ఫోన్ చేయమన్నాను. "పైథాన్ రాకపోయినా ఫర్వాలేదా సార్ అని అడగనా మామా?" అంది. వద్దన్నాను. అలా అడిగితే అవతలి మనిషి "వస్తే మంచిదమ్మా" అనేసి పెట్టేస్తాడు. మనకేమీ తెలియదు. "మొదటి వారం ఇంటర్న్‌కు ఏ పని ఇస్తారు సార్?" అని అడగమన్నాను. ఈ ప్రశ్నకు డొంకతిరుగుడు జవాబు కుదరదు. ఆయన వెంటనే "స్లిప్పులు ఎక్కించడమే కదమ్మా" అన్నాడు. పరీక్షల రోజుల్లో సెలవు దొరుకుతుందా అని కూడా అడిగింది. జూన్ మొదట్లో అయితే ఇస్తామనీ, కాయ ముమ్మరంగా వచ్చేటప్పుడు మాత్రం కుదరదనీ చెప్పాడు. హాల్ టికెట్ తేదీలు చూసుకుంటే సరిగ్గా సరిపోయాయి.

అప్లికేషన్‌లో ఏం రాయాలన్నది ఇక తేలికే. కాలేజీ ఫెస్ట్‌లో ఆ పిల్ల రిజిస్ట్రేషన్ డబ్బుల లెక్క ఎక్సెల్‌లో చూసింది. ఆ మాట మొదటి వాక్యంలో పెట్టించాను. పరీక్షల తేదీలు ఫలానా, మిగతా రోజులన్నీ వస్తాను అన్నది రెండో వాక్యం. పైథాన్ ఈ సెమిస్టర్‌లో నేర్చుకుంటున్నానని కింద ఒక ముక్క. పవర్ బీఐ, ట్యాలీల ఊసు ఎత్తనివ్వలేదు.