దేవుడి పేరు దాచిన పాట: పండుగ ఆటల కోసం పొడుపు పాట కట్టడం

అందరికీ నమస్కారం.

పిల్లల ఆటకు దేవుడి పొడుపు పాట రాసేటప్పుడు అందరం ముందు గుర్తులు పోగేస్తాం. నెమలి, శంఖం, త్రిశూలం, నెలవంక... చిక్కంతా అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఈ గుర్తుల్లో చాలావాటికి ఇద్దరు ముగ్గురు హక్కుదారులున్నారు. పాము శివుడి మెడలోనూ ఉంది, విష్ణువుకు పడకగానూ ఉంది. త్రిశూలం దుర్గమ్మ చేతిలోనూ ఉంటుంది. "నెమలి" అనగానే సగం మంది పిల్లలు పింఛం తలచుకుని కృష్ణుడంటారు, పటాలు బాగా చూసినవాళ్లు సరస్వతి అనీ అంటారు. వాళ్లది తప్పనడానికి వీల్లేదు, తప్పు పాటది. అందుకే ఒక్కో చరణం రాయగానే దానికి సరిపోయే దేవుళ్ల పేర్లన్నీ పక్కన రాసుకోండి. చరణం చరణానికీ ఆ జాబితా తగ్గుతూ రావాలి.

వినాయక చవితి పందిరినే తీసుకుందాం. అక్కడ వినాయకుడినే జవాబుగా పెడితే పాట మొదలవకముందే పిల్లలు చెప్పేస్తారు. ఆయన తమ్ముణ్ని పెడితే ఆట రక్తి కడుతుంది, ఎందుకంటే మొదటి చరణానికి అందరూ వినాయకుడనే అనుకుంటారు.

కొండల రాజుకు మనవడు వాడే
కైలాసంలో ఆడిన వాడే

ముల్లోకాలను చుట్టెద నంటూ
ముందుగ తానే కదిలిన వాడే

మబ్బును చూస్తే ఆడే పక్షిని
మక్కువ తోడుత ఎక్కిన వాడే

కోడిని జెండా పైనను నిలిపే
కన్నులు పన్నెం డుండే వాడే

ప్రతి చరణం తర్వాత పల్లవి: "ఎవరో ఎవరో చెప్పండమ్మా".

మొదటి చరణంలో "శివుడి కొడుకు" అని ఉంటే అయ్యప్ప, వీరభద్రుడు కూడా జాబితాలోకి వస్తారు. హిమవంతుడి మనవడు అన్నప్పుడు పార్వతి బిడ్డలిద్దరే మిగులుతారు. రెండో చరణం వ్రతకథ విన్న పిల్లలకు దారి చూపిస్తుంది. లోకాలు చుట్టడానికి బయల్దేరిందెవరు, తల్లిదండ్రులకు ప్రదక్షిణ చేసి గెలిచిందెవరు అన్నది గుర్తున్నవాళ్లకు అక్కడే తెలిసిపోతుంది. కథ తెలియని పిల్లలకు మూడోది, అసలేమీ తట్టనివాళ్లకు నాలుగోది. నాలుగోదాన్ని కూడా "ఆరు ముఖాలు" అని తేల్చెయ్యకుండా కళ్ల లెక్కలో పెట్టాం, ముఖానికి రెండు చొప్పున పిల్లలే లెక్కేసుకుంటారు. మూడోదాంట్లో పక్షి పేరు చెప్పకుండా "ఎక్కిన" అన్న మాట వేయడంతో పింఛం పెట్టుకున్న కృష్ణుడు పక్కకు తప్పుకున్నాడు. ఆ ఒక్క క్రియ మారిస్తే చరణం పాడైపోతుంది.

"వినాయకుడి తమ్ముడు" అన్న గుర్తు మాత్రం వాడకండి. అది నేరుగా జవాబే. పైగా కొన్ని ప్రాంతాల్లో కుమారస్వామినే పెద్దవాడిగా చెబుతారు, అక్కడినుంచి వచ్చిన కుటుంబం పందిట్లో ఉంటే ఆట ఆగి వాదన మొదలవుతుంది.

ఇక నడక. పాదానికి పదహారు మాత్రలు, నాలుగేసి చొప్పున నాలుగు ముక్కలు, ముక్కకో చప్పట్లు. కొండల, రాజుకు, మనవడు, వాడే: ఒక్కోటీ సరిగ్గా నాలుగు. "మూడు లోకాలను" అని రాసి చూడండి, "మూడు లో" దగ్గరే అయిదు మాత్రలై చప్పట్లు మాట మధ్యలో పడతాయి. "ముల్లోకాలను" అంటే ఆ ఇబ్బంది లేదు. కాగితం మీద లెక్క సరిపోయినా సరే, చప్పట్లు కొడుతూ ఒకసారి పాడి చూడాలి. చెయ్యి తడబడిన చోటే మాట మార్చాలి. రెండు పాదాలూ ఒకే హల్లుతో మొదలైతే పిల్లలకు నోటికి తొందరగా వస్తుంది. పూర్తి యతిప్రాసల కోసం పట్టుబడితే గ్రాంథిక పదాలు దూరి, పిల్లలకు అర్థమే తెలియకుండా పోతుంది.

ఆడించేటప్పుడు చరణం రెండుసార్లు పాడండి. పల్లవి అయ్యాక ఒక పాదమంత, అంటే నాలుగు చప్పట్లు, మాట లేకుండా వదలండి. జట్టు గుసగుసలాడుకునే సమయం అదే. అది లేకపోతే గట్టిగా అరిచే పిల్లవాడే ప్రతిసారీ గెలుస్తాడు. మొదటి చరణానికే చెబితే నాలుగు మార్కులు, తర్వాత మూడు, రెండు, ఒకటి. తప్పు చెప్పిన జట్టు ఆ తర్వాతి చరణానికి నోరు మెదపకూడదు. ఈ నియమం ఉంటేనే ఊహించి అరవడం తగ్గి, పిల్లలు పాట వింటారు.

జవాబు వచ్చిందంటే మిగిలిన చరణాలు ఆపెయ్యకండి. పాడి పూర్తిచేసి, అన్ని జట్లచేతా కలిపి "షణ్ముఖ దేవా శరణం శరణం" అనిపించండి. అదీ పదహారు మాత్రలే, చప్పట్లు అవే నడుస్తాయి.