గ్రైండరు ఎవరిదో తెలియకుండా తలుపు తట్టకండి
(ఒక అపార్టుమెంటు సంఘం వార్షిక సమావేశంలో మాజీ కార్యదర్శి చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, కొత్త కమిటీ సభ్యులకు, వెనక కుర్చీల్లో కూర్చుని నేనెప్పుడు ముగిస్తానా, టిఫిను ఎప్పుడు పెడతారా అని చూస్తున్న పిల్లలకు నమస్కారం. నీళ్ల ట్యాంకు కడిగించే విషయం రెండు నిమిషాల్లో చెప్పమని నన్ను పిలిచారు. ట్యాంకు సంగతి చివర్లో చెబుతాను. పొద్దున లిఫ్టు పక్కన అంటించిన కొత్త నిబంధనలు చదివినప్పటినుంచి నా మనసంతా ఏడో నిబంధన మీదే ఉంది. రాత్రి చప్పుడు చేసిన ఫ్లాటుకు 500 రూపాయల జరిమానా అట. ఫిర్యాదు వాట్సాప్ గ్రూపులో పెట్టాలట. ఇది రాసినవారు కోపంలో రాసి ఉంటారు. నాకు ఆ కోపం తెలుసు. ఒకప్పుడు నేనూ అలాంటి పనులే చేశాను.

మా ఫ్లాటు 302. మా పడకగది పైకప్పులోంచి ఇంచుమించు రోజూ రాత్రి పదింటికి ఘూ... అని ఒక మోత మొదలయ్యేది. అరగంట ఆగేది కాదు. పెద్ద చప్పుడేమీ కాదు. కానీ తల దిండు మీద పెడితే మంచం కోళ్లలోంచి వస్తున్నట్టు ఉండేది. పైన 402లో మాస్టారి కుటుంబం. ఇంకేముంది, మాస్టారే అనుకున్నాను. మొదటి వారం బూజు కర్రతో పైకప్పును పొడిచాను. రెండో వారం వాచ్‌మన్‌ను పంపాను. వాచ్‌మన్ నా మాటను ఎలా చెప్పాడో తెలియదు గానీ, మాస్టారి నుంచి వచ్చిన జవాబు మాత్రం మర్యాదగా లేదు. మూడో వారం గ్రూపులో పెట్టాను. పేరు రాయలేదు. 'కొందరికి సంస్కారం ఉండదు' అని రాశాను. నలభై ఇళ్లవాళ్లు చదివారు. ఎవరి గురించో నలభై ఇళ్లకూ తెలిసిపోయింది.

నాలుగో వారం మాస్టారు కుటుంబంతో తిరుపతి వెళ్లారు. 402కు తాళం. రాత్రి పదింటికి మోత మొదలైంది.

నవ్వకండి. ఆ రాత్రి నేను లుంగీతో మెట్లెక్కి, తాళం వేసిన తలుపు ముందు నిలబడి చెవి ఆనించి విన్నాను. లోపల ఏమీ లేదు. మోత 403 వంటగదిది. వెట్ గ్రైండరు. ఆ వంటగది గోడ, మాస్టారి పడకగది గోడ ఒకటే. ఆ గోడ మూలలోని పిల్లరు నేరుగా మా గదిలోకి దిగుతుంది. గాలిలో వచ్చే మాటలనైతే గోడ కొంత ఆపుతుంది. కానీ అదిరే యంత్రం నేలను, గోడను తాకి ఉంటే ఆ అదురు కాంక్రీటు పట్టుకుని వచ్చి ఎక్కడో మూడో గదిలో చప్పుడవుతుంది. పైనుంచి వినబడుతోంది కాబట్టి పైవాళ్లదే అనుకోవడం మనందరం చేసే మొదటి తప్పు. కుర్చీ ఈడ్చినా, రోలు దంచినా, మోటారు ఆడినా ఇదే వరస.

అందుకే అంటాను, ముందు పదిరోజులు ఒక కాగితం మీద రాసుకోండి. ఏ రోజు, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ఆగింది, ఏ గదిలో ఎక్కువ. నా కాగితంలో ఆదివారాలు ఖాళీగా ఉన్నాయి. 403 అమ్మాయికి ఆదివారం సెలవు, ఆ రోజు పగలే రుబ్బుకుంటుంది. అది ముందే రాసుకుని చూసి ఉంటే మాస్టారి జోలికి వెళ్లేవాణ్ణే కాదు.

చట్టం లేదా అని అడిగారు ఇందాక ఒకరు. ఉంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. రాత్రి అంటే పదినుంచి ఆరు. ఆ పరిమితిని 10 డెసిబెళ్లు, అంతకు మించి దాటితే ఫిర్యాదు చేయవచ్చు. వీధిలో అర్ధరాత్రి మైకులు పెడితే నేనూ 100కు ఫోను చేస్తాను, సందేహం లేదు. కానీ గోడలోంచి వచ్చే బొంగురు మోతను ఆ కొలత తక్కువగానే చూపిస్తుంది. నిద్ర చెడగొట్టడానికి అది చాలు, కేసు పెట్టడానికి చాలదు. ఇక్కడ మాటే దిక్కు.

సరే, 403తో ఏం చేశానో చెబుతాను. మోత వచ్చేటప్పుడు వెళ్లలేదు. అప్పుడు నా గొంతు నా మాట వినదు. శనివారం ఫోను చేసి, "అమ్మా, రేపు పదకొండింటికి ఐదు నిమిషాలు వీలవుతుందా? చిన్న సాయం కావాలి" అన్నాను. ఆదివారం వెళ్లి చెప్పింది ఇంతే: "రాత్రి పదినుంచి పదిన్నర దాకా మా పడకగదిలో ఒక మోత వినిపిస్తోంది. మీ గ్రైండరేమోనని నా అనుమానం, తప్పు కూడా కావచ్చు. ఒకసారి కిందికి వచ్చి వింటారా?" 'మీరు చేస్తున్నారు' అనలేదు. 'అందరూ అంటున్నారు' అని అసలే అనలేదు. ఆ మాటంటే ఎదుటి మనిషి ఊరంతా తనకు ఎదురు నిలబడ్డట్టు అనుకుంటుంది.

ఆ అమ్మాయి మా గదికి వచ్చింది. ఫోనులో భర్తకు చెప్పి గ్రైండరు వేయించింది. మోత మొదలవగానే ఆమె గోడ మీద చెయ్యి పెట్టి, "అయ్యో, మా వంటింట్లో ఇంత ఉండదు అంకుల్!" అంది. నిజమే, ఉండదు. గంటసేపు వర్ణించినా నేను నమ్మించలేనిది, ఆమె అరచేతికి క్షణంలో తెలిసింది.

అప్పుడే పైకి వెళ్లి గ్రైండరు కింద దళసరి రబ్బరు పట్టా వేశాం. సగం తగ్గింది. మిగతా సగం ఎందుకా అని చూస్తే గ్రైండరు వెనక భాగం టైలుకు ఆని ఉంది. నాలుగు వేళ్ల సందు వదిలి జరిపాం. నేను కిందికి వచ్చి వింటే, చెవి పెట్టి వెతికితే తప్ప లేదు.

వేళ సంగతి కూడా మాట్లాడుకున్నాం. ఆమె ఉద్యోగం నుంచి తొమ్మిదికి వస్తుంది. రాత్రి రుబ్బకపోతే పొద్దునకు పిండి పులవదు, పిల్లలకు ఇడ్లీ ఉండదు. అది తెలియక పదింటికి ఎందుకు రుబ్బుతున్నారని అడిగితే ఏం జవాబు చెబుతుంది? తొమ్మిదిన్నరకు ముగిస్తానంది. ఆలస్యమయ్యే రోజు ముందే ఒక సందేశం పెడుతుంది. ముందే తెలిసిన చప్పుడు చికాకు పెట్టదు, ఎందుకో మరి. రెండు వారాలయ్యాక వెళ్లి "హాయిగా నిద్రపోతున్నామమ్మా" అని చెప్పి వచ్చాను. చాలామంది ఇది మరిచిపోతారు. తగ్గిందో లేదో చెప్పకపోతే వాళ్లు ప్రతి రాత్రీ బిక్కుబిక్కుమంటూనే రుబ్బుతారు.

ఇక మాస్టారు. తిరుపతినుంచి రాగానే క్షమాపణ చెప్పడానికి వెళ్లాను. "కర్ర విరగలేదు కదా?" అన్నారు నవ్వుతూ. లడ్డూ పెట్టారు. కానీ మాస్టారి భార్య మాటల్లో అన్నది నన్ను ఇప్పటికీ వదలలేదు. నా గొడవ మొదలైనప్పటినుంచి వాళ్లు ఇంట్లో చెప్పులు మానేశారట. మనవడి మూడు చక్రాల సైకిలు చప్పుడు చేస్తోందేమోనని ఎవరికో ఇచ్చేశారట. వాళ్లది కాని చప్పుడుకు.

ఏడో నిబంధన ఆ రోజుల్లో ఉండి ఉంటే మాస్టారి చేత మూడు వారాల జరిమానా కట్టించేవాణ్ణి! చేతులెత్తి అడుగుతున్నాను, దాన్ని కొట్టేయండి. దాని స్థానంలో ఒక్క వాక్యం రాయండి: చప్పుడు మీద ఫిర్యాదు ఉన్నవారు ముందు అవతలివారిని తమ గదికి పిలిచి వినిపించాలి, ఆ తరువాతే కమిటీ దగ్గరకు రావాలి. పార్కింగు గురించి కూడా ఇలాంటిదే ఒకటి ఉంది కానీ, అధ్యక్షులు గడియారం చూస్తున్నారు.

ట్యాంకు. వచ్చే ఆదివారం పొద్దున ఆరునుంచి పదకొండు దాకా కడుగుతారు, నీళ్లు రావు. శనివారం రాత్రే బకెట్లు నింపుకోండి. మెల్లగా దించండి, కింద నేనున్నాను.