నేపథ్య గణన తీసివేయని విఘటన వక్రం మనకు ఏం చెబుతుంది?

(తిరుపతిలో ఉన్నత పాఠశాల, ఇంటర్మీడియట్ భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

రేడియోధార్మిక విఘటనం గురించి పాఠ్యపుస్తకంలో ఉన్నదంతా మళ్లీ చెప్పడం నా ఉద్దేశం కాదు. ప్రయోగశాలలో తీసుకున్న రీడింగుల నుంచి అర్ధజీవితకాలాన్ని లెక్కకట్టేటప్పుడు పిల్లలు ఎక్కువగా తడబడే ఒకే ఒక్క చోటును, అంటే నేపథ్య గణనను తీసివేసే మెట్టును, ఒక ఉదాహరణతో చివరిదాకా చూద్దామని వచ్చాను.

విఘటన నియమానికి పునాది ఒక్కటే. అస్థిరమైన కేంద్రకానికి వయసు లేదు. అది పుట్టి ఒక క్షణమైనా, గంట అయినా, రాబోయే ఒక సెకనులో అది విఘటనం చెందే అవకాశం ఒకే విధంగా ఉంటుంది. ఆ అవకాశాన్నే మనం విఘటన స్థిరాంకం λ అని రాస్తాం. దాని నుంచే N = N₀e^(-λt) అనే సమీకరణం, T = 0.693/λ అనే అర్ధజీవితకాలం వస్తాయి. కేంద్రకానికి వయసు లేదు కాబట్టి, మొదటిసారి సగం కావడానికి ఎంతసేపు పట్టిందో, అందులో సగం కావడానికీ అంతేసేపు పట్టాలి. 1900లో మాంట్రియల్‌లో రూథర్‌ఫర్డ్ థోరియం నుంచి వెలువడే వాయువు తీవ్రత సుమారు నిమిషానికి ఒకసారి సగమవుతోందని గమనించినప్పుడు ఆయన కళ్లెదుట ఉన్నది ఈ సమానత్వమే. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మన రీడింగులు దీనికి అడ్డం తిరుగుతాయి.

మనం తీసుకునే ఉదాహరణ బేరియం-137 ఉత్తేజిత స్థితి. సీజియం-137 అర్ధజీవితకాలం దాదాపు 30 సంవత్సరాలు. అది విఘటనం చెందినప్పుడు ఎక్కువ భాగం ఉత్తేజిత బేరియంగా మారుతుంది, ఆ బేరియం గామా కిరణాన్ని విడుదల చేసి స్థిరపడుతుంది. దీని అర్ధజీవితకాలం 2.55 నిమిషాలు, అంటే 153 సెకన్లు. సీజియాన్ని పట్టి ఉంచిన చిన్న జనరేటరు గుండా, కొద్దిపాటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ఉప్పునీటిని సిరంజితో నెమ్మదిగా పంపితే, సీజియం లోపలే ఉండిపోయి బేరియం మాత్రమే ద్రావణంతో బయటికి వస్తుంది. ఇటువంటి జనరేటరును అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలకు లోబడి, అనుమతి ఉన్న చోటే వాడాలి. అనుమతి లేని పాఠశాలలో నేను ఇప్పుడు చెప్పే రీడింగులనే పిల్లలకు ఇచ్చి లెక్క చేయించవచ్చు. లెక్క కోసం నేనే కూర్చిన నమూనా ఇది, కానీ నిజమైన గైగర్ కౌంటరులో కనబడే ఎగుడుదిగుళ్లు ఇందులోనూ ఉన్నాయి.

ముందుగా నేపథ్యం. ద్రావణం లేకుండా కౌంటరును ఆన్ చేసినా అది ఊరుకోదు. ఆకాశం నుంచి వచ్చే విశ్వకిరణాలు, నేలలోనూ గోడల్లోనూ ఉన్న పొటాషియం-40, యురేనియం, థోరియం కుటుంబాల కేంద్రకాలు, గాలిలోని రేడాన్, ఇవన్నీ దానిని పలికిస్తూనే ఉంటాయి. మన ప్రాంతంలో దీనిని కొంచెం శ్రద్ధగా చూడాలి. గ్రానైట్‌లో ఈ మూలకాలు సున్నపురాయి జాతికి చెందిన కడప బండలో కంటే సాధారణంగా ఎక్కువగా ఉంటాయి. అందువల్ల ఒక గదిలో కడప బండ పరిచిన బల్ల మీద తీసుకున్న నేపథ్యాన్ని, పక్క గదిలో గ్రానైట్ బల్ల మీద చేసిన ప్రయోగానికి వాడకూడదు. విశ్వకిరణాలు ఎత్తుతోపాటు పెరుగుతాయి కనుక కొండ కింద తీసుకున్న అంకె తిరుమలకు పనికిరాదు. అన్నిటికంటే ముఖ్యం, జనరేటరును ఎక్కడ పెట్టారన్నది. అది బల్ల మీదే ఉండిపోతే దాని గామా కిరణాలు కూడా కౌంటరుకు చేరుతాయి. కాబట్టి కౌంటరును, స్టాండును, జనరేటరును ప్రయోగంలో ఎక్కడ ఉంచుతామో అక్కడే ఉంచి నేపథ్యం కొలవాలి.

ఎంతసేపు కొలవాలి? మన నమూనాలో 20 నిమిషాలకు 640 గణనలు వచ్చాయి, అంటే నిమిషానికి 32. యాదృచ్ఛికంగా జరిగే సంఘటనలను లెక్కపెట్టినప్పుడు అనిశ్చితి ఆ సంఖ్య వర్గమూలంతో సమానం. 640కి వర్గమూలం సుమారు 25, దానిని 20తో భాగిస్తే నిమిషానికి 1.3. ఒకే ఒక్క నిమిషం కొలిచి 32 అని రాసుకుంటే అనిశ్చితి దాదాపు 6 అవుతుంది. ఈ తేడా వక్రం చివర ఎంత పని చేస్తుందో చూస్తాం.

ఇప్పుడు ద్రావణాన్ని కౌంటరు కింద పెట్టి, 0, 3, 6, 9, 12, 15, 18 నిమిషాల దగ్గర మొదలుపెట్టి ప్రతిసారీ ఒక నిమిషం పాటు లెక్కించాం. వచ్చినవి వరుసగా 1241, 552, 273, 139, 75, 55, 38. ఆ ఒక్క నిమిషంలో కూడా బేరియం తగ్గిపోతుంది కదా అని కొందరు పిల్లలు అడుగుతారు, అడగవలసిన ప్రశ్నే. అయితే ప్రతి రీడింగుకూ ఒకే వ్యవధి తీసుకున్నాం కాబట్టి అన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి, అర్ధజీవితకాలం మారదు.

ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్టే గ్రాఫు గీసి, 1241 ఎప్పుడు సగమైందో, ఆ సగం మళ్లీ ఎప్పుడు సగమైందో చూడండి. మొదటిసారి 154 సెకన్లు పడుతుంది. రెండోసారి 173, మూడోసారి 183, నాలుగోసారి 199. అర్ధజీవితకాలం సాగిపోతోంది! ఈ అంకెలను నమ్మితే బేరియం కేంద్రకాలు ముసలివయ్యేకొద్దీ మొండిగా మారుతున్నాయని ఒప్పుకోవాలి. ఇక్కడ పిల్లలు సాధారణంగా చేసేది ఈ నాలుగింటి సగటు తీసి 177 అని రాసెయ్యడం. సగటు తీసిన క్షణాన మనకు దొరికిన ఆధారం చెరిగిపోతుంది. అంకెలు అటూ ఇటూ ఊగితే అది యాదృచ్ఛికత. ఒకే వైపు పెరుగుతూ పోతే మాత్రం, తగ్గనిది ఏదో మన లెక్కలో కలిసి ఉందన్నమాట.

చిత్తూరు బెల్లం మండీలో బస్తా తూచి సంచి బరువు తరుగు తీస్తారు. బస్తా నిండుగా ఉన్నప్పుడు తరుగు మరిచిపోయినా పెద్ద తేడా రాదు, అడుగున నాలుగు అచ్చులు మిగిలినప్పుడు మరిచిపోతే తూకమంతా సంచిదే అవుతుంది. 1241లో 32 కలిసినా తెలియదు, 55లో 32 అంటే సగం కంటే ఎక్కువ.

ప్రతి రీడింగు నుంచి 32 తీసివేస్తే 1209, 520, 241, 107, 43, 23, 6 మిగులుతాయి. మళ్లీ సగమయ్యే కాలాలు చూస్తే 148, 159, 156, 145 సెకన్లు. ఇవి ఊగుతున్నాయి గాని సాగడం లేదు. సగటు 152. ఇప్పుడు సగటు తీయడానికి మనకు హక్కు ఉంది.

ఇంతకంటే మంచి పద్ధతి సహజ సంవర్గమానం తీసుకుని సరళరేఖ గీయడం. తీసివేత ముందు, సంవర్గమానం తరువాత, ఈ వరుస తప్పకూడదు. 1209కి సంవర్గమానం 7.10, 107కి 4.67. తొమ్మిది నిమిషాల్లో తగ్గినది 2.43. కాబట్టి T = 9 × 0.693 / 2.43, అంటే 2.57 నిమిషాలు, 154 సెకన్లు. అనిశ్చితి కూడా లెక్కిద్దాం. 107 అనేది 139 నుంచి 32 తీసివేయగా వచ్చింది, 139కి వర్గమూలం సుమారు 12, అంటే 107లో 11 శాతం. మొదటి రీడింగులో 3 శాతం. రెండూ కలిసి ఫలితంలో సుమారు 7 సెకన్ల అనిశ్చితిని ఇస్తాయి. 154 ± 7 అని రాసిన విద్యార్థి 153కి దగ్గరగా వచ్చానని మాత్రమే కాదు, ఎంత దగ్గరగా రాగలనో కూడా చెప్పినట్టు.

మరి 18వ నిమిషంలో మిగిలిన 6 సంగతి? దాని అనిశ్చితి కూడా దాదాపు 6. అంటే అది 12 కావచ్చు, సున్నా కావచ్చు, సున్నాకు సంవర్గమానమే లేదు. ఆ బిందువును గ్రాఫు మీద గీయించండి, దాని పైకీ కిందికీ అనిశ్చితి గీతను కూడా గీయించండి. ఆ గీత గ్రాఫు కాగితం అడుగు దాటి పోవడం పిల్లలు చూస్తే, రేఖను ఆ బిందువు వైపు ఎందుకు లాగకూడదో వేరే చెప్పనక్కరలేదు. మిగతా బిందువులకంటే అది వంకరగా ఉందని రబ్బరుతో చెరిపేయడం మాత్రం అనుమతించకండి.

నేపథ్యాన్ని తప్పుగా కొలిస్తే వక్రం చివరి భాగం, అంటే దాని తోకే పట్టిస్తుంది. ఒక్క నిమిషమే కొలిచి 38 అని రాసుకున్నామనుకోండి, చివరి మూడు విలువలు 37, 17, 0 అవుతాయి, సంవర్గమాన రేఖ చివర కిందికి కూలుతుంది. 26 అని రాసుకుంటే 49, 29, 12 అవుతాయి, రేఖ చివర అడ్డంగా వాలిపోతుంది. మొదటి మూడు బిందువులు రెండు సందర్భాల్లోనూ దాదాపు కదలవు. కాబట్టి పైభాగం సూటిగా ఉండి తోక మాత్రమే వంగితే కౌంటరును కాదు, తీసివేసిన అంకెను అనుమానించాలి.

అయితే తోక అడ్డంగా వాలడానికి మరో కారణం కూడా ఉంది, ఇది భద్రతకు సంబంధించినది. జనరేటరు పాతబడినా, ద్రావణాన్ని వేగంగా నెట్టినా కొంత సీజియం బేరియంతోపాటు బయటికి జారవచ్చు. దాని అర్ధజీవితకాలం 30 సంవత్సరాలు కనుక అరగంట ప్రయోగంలో అది తగ్గదు, అచ్చం నేపథ్యంలాగే ప్రవర్తిస్తుంది. దీనిని పట్టుకోవడానికి, ప్రయోగం అయ్యాక ద్రావణాన్ని తీయకుండా అక్కడే ఉంచి, మొదటి రీడింగు నుంచి అరగంట గడిచిన తరువాత మళ్లీ 20 నిమిషాలు లెక్కించండి. అప్పటికి బేరియం మూడు వేల వంతు కంటే తక్కువకు పడిపోయి ఉంటుంది, దాని వాటా నిమిషానికి ఒక గణన కూడా ఉండదు. అప్పుడు కూడా 32 చుట్టుపక్కలే వస్తే ఈ కొలతకు దొరికేంత సీజియం ద్రావణంలో లేదని అర్థం. 20 నిమిషాలకు 820, అంటే నిమిషానికి 41 వస్తే, 9 గణనల తేడాను యాదృచ్ఛికతగా కొట్టిపారేయలేం, ఎందుకంటే ఈ రెండు కొలతల్లోనూ అనిశ్చితి 1.3, 1.4 మాత్రమే. అటువంటప్పుడు అర్ధజీవితకాలం లెక్కకు 32 బదులు 41 తీసివేయాలి. ఆ ద్రావణాన్ని సింకులో పారబోయకుండా మూత పెట్టి, పేరు, తేదీ రాసి వేరుగా ఉంచాలి. జనరేటరును అనుమతి పొందిన సంస్థవారు పరీక్షించేదాకా మళ్లీ వాడకూడదు.