కంట్రోలర్‌లో ఆరు లైట్లు, షెడ్డులో రెండే ఫ్యాన్లు: కోళ్లఫారం ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. బెంగళూరు స్టూడియో నుంచి తెలుగు రైతుల ఫోన్-ఇన్. లోపలి గాలి, వేడి యంత్రాలతో అదుపు చేసే ఈసీ షెడ్లకు ప్యానెళ్లు, కంట్రోలర్లు బిగించే ఇంజినీరు గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ చింతామణి వైపు నుంచి. చెప్పండి అన్నా.

శ్రోత: నమస్కారం సార్. మాది 300 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు షెడ్డు. ఆరు పెద్ద ఫ్యాన్లు, అటు చివర కూలింగ్ ప్యాడ్. 8 వేల బ్రాయిలర్లు, 36 రోజులవి, 2 కిలోలు దాటాయి. మొన్న సాయంత్రం ఉరుముల వాన పడి కరెంటు పోయింది. జనరేటరు దానంతట అదే ఆన్ అయింది. కంట్రోలర్‌లో ఆరు ఫ్యాన్ల లైట్లూ వెలిగాయి. నేను నిశ్చింతగా ఇంట్లో కూర్చున్నాను. గంట తర్వాత వెళ్తే రెండే తిరుగుతున్నాయి. మధ్య వరుసల్లో కోళ్లు కుప్పగా పడిపోయాయి.

ఇంజినీరు: అయ్యో. తిరిగిన రెండూ ఏవన్నా? రోజూ ముందు ఆన్ అయ్యేవా, చివర ఆన్ అయ్యేవా?

శ్రోత: చివరివి సార్. 5, 6 నంబర్లు.

ఇంజినీరు: కరెంటు పూర్తిగా పోకముందు ఏమైనా తేడా కనిపించిందా? లైట్లు, ఫ్యాన్ల శబ్దం?

శ్రోత: షెడ్డు బల్బులు వెలుగుతూనే ఉన్నాయి. ఫ్యాన్లు మాత్రం గుర్రుమన్నాయి. వాన హోరు అనుకున్నాను. ఐదు, పది నిమిషాల తర్వాత మొత్తం పోయింది.

ఇంజినీరు: అక్కడే ఉంది సంగతి. ముందు ఒక ఫేజు పోయింది. మీ బల్బులు ఇంకో ఫేజు మీద ఉన్నాయి కాబట్టి వెలిగాయి. వాన చల్లదనానికి కంట్రోలర్ అప్పటికి నాలుగు ఫ్యాన్లకు దిగి ఉంటుంది. ఆ నాలుగు మోటార్లూ రెండు ఫేజుల మీదే లాగి వేడెక్కాయి, ఓవర్‌లోడ్ రిలేలు ట్రిప్పయ్యాయి. వాటిని చేత్తో నొక్కి రీసెట్ చేస్తే తప్ప మళ్లీ కలవవు. తర్వాత జనరేటరు వచ్చింది, లోపల వేడి పెరిగింది, కంట్రోలర్ 5, 6ని పిలిచింది. అవి ఆగి ఉన్నవి కాబట్టి ట్రిప్ కాలేదు, తిరిగాయి. మిగతా నాలుగింటికీ ఆర్డరు వెళ్లింది గానీ మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టరు పడలేదు.

శ్రోత: మరి లైటు వెలిగింది కదా సార్?

ఇంజినీరు: ఆ లైటు కంట్రోలర్ ఇచ్చిన ఆజ్ఞ మాత్రమే. రెక్క తిరిగిందో లేదో దానికి తెలియదు. షెడ్డు వెనక్కి వెళ్లి షట్టర్లు చూడాలి. తిరిగే ఫ్యాను షట్టరు పూర్తిగా తెరుచుకుని ఉండాలి, ఆగినది గట్టిగా మూసుకుని ఉండాలి. ఆగిన వాటి షట్టర్లు ఎలా ఉన్నాయి?

శ్రోత: రెండు సగం తెరుచుకునే ఉన్నాయి సార్. ఈకలు, దుమ్ము పట్టాయి.

ఇంజినీరు: అయితే గాలి ప్యాడ్ వైపు నుంచి రాకుండా ఆ సందుల్లోంచి లోపలికొచ్చి, పక్క ఫ్యానులోంచి బయటికి పోయింది. కోళ్ల మీదికి రాలేదు. లెక్క చూడండి. 50 అంగుళాల ఫ్యాను ఒకటి నిమిషానికి సుమారు 20 వేల ఘనపుటడుగుల గాలి లాగుతుంది. ఆరూ తిరిగితే లక్షా 20 వేలు. మీ షెడ్డు అడ్డకోత సగటున 8 అడుగుల ఎత్తు అనుకుంటే 240 చదరపు అడుగులు. అంటే గాలి నిమిషానికి 500 అడుగుల వేగంతో కోళ్ల మీదుగా వెళుతుంది. అదే రెండు ఫ్యాన్లయితే 170 కూడా రాదు. 2 కిలోల కోడి ఒంట్లోంచి దాదాపు 18 వాట్ల వేడి వస్తుంది. 8 వేల కోళ్లంటే 140 కిలోవాట్లు, షెడ్డులో 140 గది హీటర్లు పెట్టినట్టే. గాలి ఆగితే పెద్ద కోళ్లకు అరగంట కూడా గడువుండదు.

వ్యాఖ్యాత: అప్పుడు ప్యాడ్ పంపు నడుస్తోందా?

శ్రోత: నడుస్తోంది మేడమ్. 28.5 డిగ్రీలకి ఆన్ అయ్యేలా పెట్టాము.

ఇంజినీరు: అది ఇంకా నష్టం చేసింది. వాన తర్వాత గాలిలో తేమ 85, 90 శాతం ఉంటుంది. ఆ గాలిని ప్యాడ్ చల్లబరచలేదు, ఇంకా తడి మాత్రం చేస్తుంది. కోడి రొప్పి వేడి వదలాలంటే గాలి పొడిగా ఉండాలి. కాబట్టి పంపుకి రెండు షరతులు పెట్టండి. ఆరు ఫ్యాన్లూ నడిచిన తర్వాతే పంపు రావాలి. తేమ 80 శాతం దాటితే ఆగిపోవాలి. ఏప్రిల్ మధ్యాహ్నం మన వైపు 34, 35 డిగ్రీలుండి గాలి ఎండిపోయి ఉన్నప్పుడు ప్యాడ్‌ను మించింది లేదు. సాయంత్రం వాన తర్వాత మాత్రం అది శత్రువే.

శ్రోత: ఇప్పుడేం మార్చాలి సార్?

ఇంజినీరు: ఫ్యాన్ల మెయిన్‌కు ముందు ఫేజ్ ఫెయిల్యూర్ రిలే పెట్టించండి. ఒక ఫేజు పోయిన క్షణాల్లోనే అన్ని మోటార్లనూ ఆపేస్తుంది, ఓవర్‌లోడ్ వేడెక్కే దాకా రాదు. జనరేటరు ఆటో ప్యానెల్ కూడా మూడు ఫేజులనూ చూడాలి. మీది ఒక్క ఫేజునే చూస్తున్నట్టుంది, అందుకే అంతసేపు కదల్లేదు. ఓవర్‌లోడ్‌ను ఆటో రీసెట్‌లో పెట్టుకోమని కొందరు మెకానిక్‌లు చెబుతారు, నేను ఒప్పుకోను. ఫేజు లేకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నించి మోటారు కాలిపోతుంది.

శ్రోత: జనరేటరు 15 కేవీఏ. అన్నీ ఒక్కసారి వస్తే లాగుతుందా?

ఇంజినీరు: ఒకటిన్నర హెచ్‌పీ మోటార్లు ఆరు, నడుస్తున్నప్పుడు మొత్తం 15 ఆంపియర్లు. మీ జనరేటరు 20 దాకా ఇస్తుంది. కానీ ప్రతి మోటారూ స్టార్టింగులో అయిదారు రెట్లు లాగుతుంది. ఆరూ ఒకేసారంటే 90కి పోతుంది, ఇంజను కూర్చుంటుంది. ఒక్కో ఫ్యానుకు 10 సెకన్ల తేడా ఉండేలా టైమర్లు పెట్టించండి. నిమిషంలో అన్నీ వస్తాయి. ఇంకొకటి, కంట్రోలర్‌తో సంబంధం లేని మామూలు థర్మోస్టాట్‌ను రెండు ఫ్యాన్లకు విడిగా కలపండి. కంట్రోలర్ అన్ని ఫ్యాన్లూ పిలిచే వేడికంటే 2, 3 డిగ్రీలు పైన పెట్టండి. కంట్రోలర్ చచ్చినా అవి తిరుగుతాయి. బ్యాటరీ సైరన్ మీ ఇంట్లో మోగాలి, షెడ్డులో కాదు.

శ్రోత: జనరేటరే రాకపోతే? పరదాలు దానంతటవే జారే మాగ్నెట్ ఉందంటారు.

ఇంజినీరు: ఉంది, మంచిదే. కరెంటు లేకపోతే మాగ్నెట్ వదిలేస్తుంది, పరదా దిగుతుంది. కానీ అది కరెంటు మిణుకుమన్నప్పుడల్లా వదలకుండా కాస్త ఆలస్యం పెట్టాలి. పరదా దిగాక ఫ్యాన్లు మళ్లీ వచ్చాయంటే, గాలి పక్క కిటికీల్లోంచి దగ్గర దారి చూసుకుంటుంది, ప్యాడ్ వైపున్న కోళ్లకు గాలే ఉండదు. వెంటనే పరదా ఎత్తించాలి. ఫ్యాన్లు వచ్చేలోపు లోపలికెళ్లి మెల్లగా నడుస్తూ కోళ్లను లేపండి. కూర్చున్న కోడి కింద వేడి ఇరుక్కుని ఉంటుంది. కోళ్లు తాగే నిప్పుల్ పైపుల్లో వేడెక్కిన నీళ్లు వదిలేసి చల్లనివి రానివ్వండి.

వ్యాఖ్యాత: ఇవన్నీ పనిచేస్తున్నాయని ఎలా తెలుస్తుంది?

ఇంజినీరు: వారానికోసారి చల్లటి వేళలో మెయిన్ దించాలమ్మా. చాలామంది జనరేటరు బటన్ నొక్కి ఇంజను తిరిగిందని సంతోషపడతారు. ఆటో ప్యానెల్, టైమర్లు, బ్యాటరీ అన్నీ పరీక్షకు రావాలంటే మెయినే దించాలి. ఆ తర్వాత ఒక్క ఫేజు ఫ్యూజు తీసి కూడా చూడాలి, అది మాత్రం ఎలక్ట్రీషియన్ పక్కనుండి చేయాలి.

శ్రోత: సరే సార్. ఆదివారం చేయిస్తాను.

వ్యాఖ్యాత: ఇంకో కాల్, హోసకోటె నుంచి.

రెండో శ్రోత: నమస్తే సార్. మావి 6 రోజుల పిల్లలు. కరెంటు వచ్చాక ఫ్యాన్లు జోరుగా తిరుగుతున్నాయి, పిల్లలు గుంపుకట్టాయి.

ఇంజినీరు: కంట్రోలర్ తెరమీద కోళ్ల వయసు ఎంత చూపిస్తోందో చదవండి.

రెండో శ్రోత: ఒక్క నిమిషం... 34 అని ఉంది సార్.

ఇంజినీరు: పాత బ్యాచ్ వయసుకు వెళ్లిపోయింది, లోపలి బ్యాటరీ అయిపోయి ఉంటుంది. ముందు చేత్తో ఫ్యాన్లు ఆపి, 6 అని పెట్టండి, 30 డిగ్రీల దగ్గర నిలుస్తోందా చూడండి. కానీ గాలి పూర్తిగా ఆపకండి, టైమరు మీద తక్కువసేపు తిరగనివ్వండి, లేకపోతే అమ్మోనియా పట్టేస్తుంది.