అక్క డీమ్యాట్‌లో మురిగిపోయిన పది హక్కులు

పెద్దలందరికీ నమస్కారం. పెన్షనర్ల సంఘం వారు నన్ను పొదుపు గురించి మాట్లాడమన్నారు. కానీ నేను మా అక్క గురించే చెప్తాను.

2020 మేలో రిలయన్స్ రైట్స్ ఇష్యూ వచ్చింది, అంటే ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు కొనుక్కునే హక్కు ఇచ్చింది. పదిహేను షేర్లున్న వాళ్లకు ఇంకొకటి, రూ.1,257కి. అక్క దగ్గర 150 ఉండేవి కాబట్టి డీమ్యాట్‌లో పది హక్కులు పడ్డాయి. వాటిని బ్రోకర్ల భాషలో ఆర్‌ఈ, అంటే రైట్స్ ఎన్‌టైటిల్‌మెంట్, అంటారు. అక్క అవేమిటని తన బ్రోకర్‌ని అడిగితే, "ఇష్టమైతే డబ్బు కట్టండి, లేకపోతే వదిలేయండమ్మా" అన్నాడట. అక్క వదిలేసింది.

ఆ మాట ఎంత తప్పో లెక్క చూడండి. షేరు ధర 1,400 అనుకుందాం. పదిహేను షేర్లకు 21,000. కొత్త షేరుకు కట్టే 1,257 కలిపితే 22,257. దాన్ని పదహారుతో భాగిస్తే సుమారు 1,391. అంటే కొత్త షేరు రాగానే పాత షేరు ఒక్కోటి తొమ్మిది రూపాయలు పలచబడింది. పదిహేనింటి మీద 134. మరి 1,391 విలువైన షేరును 1,257కి కొనే హక్కు ఖరీదెంత? అదే 134! పాత షేర్లలోంచి పోయింది హక్కు రూపంలో మీ చేతికి తిరిగొచ్చింది. డబ్బు కట్టలేకపోతే హక్కును అమ్ముకోవచ్చు. రెండూ చేయకపోతే గడువు తర్వాత అది మురిగిపోతుంది, నష్టం మాత్రం మిగులుతుంది.

ఆ హక్కులు మే 20 నుంచి 29 దాకా ఎక్స్ఛేంజీలో అమ్ముడయ్యాయి. మొదటి రోజే రూ.200 దాటాయి. అప్పుడు షేరు 1,430 ప్రాంతంలో ఉంది. అందులోంచి 1,257 తీసేస్తే 173 కదా, పైన ఎందుకిచ్చారు? దరఖాస్తుతో కట్టాల్సింది 314.25 మాత్రమే. మిగతా 942.75 రెండు వాయిదాల్లో, 2021 మేలో, నవంబరులో. అంతకాలం ఆ డబ్బు మీద వచ్చే వడ్డీకి ట్రేడర్లు వెల కట్టారు. చేతిలో హక్కున్నంత మాత్రాన సరిపోదు, జూన్ 3లోగా దరఖాస్తు చేయాలి. కొనుక్కున్న వాళ్లకూ అంతే.

వారంట్లంటే ముందే అనుకున్న ధరకు తర్వాత షేర్లు తీసుకునే హక్కులు. వాటిదీ ఇదే కథ, గడువు ఎక్కువ. మన దగ్గర లిస్టెడ్ కంపెనీలు ప్రమోటర్లకు, అంటే కంపెనీని నడిపించే యజమానులకు, ఇచ్చే వారంట్లకు ముందు కనీసం పాతిక శాతం కడితే చాలు, మిగతాది పద్దెనిమిది నెలల్లోగా. ధర పెరిగితే షేర్లు తీసుకుంటారు, పడితే కట్టిన పాతిక శాతం వదులుకుంటారు. ఎదురుచూసే ఆ వీలుకే విలువ. షేరు ఎంత ఊగిసలాడితే అంత ఎక్కువ. రైట్స్‌లో మీకూ వాటా ఇస్తారు, ఇక్కడ మిమ్మల్ని అడిగేది ఆ వారంట్లు ఇవ్వొచ్చా అన్న ఓటు మాత్రమే. ఆ ఓటు కోసం కంపెనీ నోటీసు వస్తే దయచేసి చదివి ఓటేయండి.

మళ్లీ అక్క దగ్గరికే వస్తాను. పది హక్కులు, రెండు వందల చొప్పున రెండు వేలు. ఆ నెల ఆమె బీపీ మందులకు సరిపోయేవి. ఇవాళ ఇంటికెళ్లగానే మీ డీమ్యాట్ స్టేట్‌మెంట్ తెరవండి. పేరులో RE అని ఉన్న వరుస కనబడితే, అమ్మకానికి ఆఖరి తేదీ ఎప్పుడో ఈ రాత్రే కనుక్కోండి.