10 పని దినాలంటే ఏ తారీకు? ఎక్సెల్‌లో సెలవులు తీసేసి గడువు లెక్క

"అన్నా, మాది విజయనగరం. అక్టోబరు 1, 2025న ఒక అప్లికేషన్ తీసుకున్నాం. 10 పని దినాల్లో ఇచ్చేయాలి. ఆదివారాలు, రెండో శనివారం, 2న దసరా, 7న సిరిమానోత్సవం మాకు సెలవు. వేళ్ల మీద లెక్కపెడితే 16 వస్తోంది, ఎక్సెల్ 15 అంటోంది. ఏది కరెక్టు?"

మీ వేళ్లే కరెక్టమ్మా. ఎక్సెల్ కూడా తప్పు చెయ్యలేదు, దానికి మీ సెలవులు తెలీవంతే. మీరు రాసింది బహుశా ఇది:

```
=WORKDAY(A2,10)
```

A2లో అక్టోబరు 1 ఉంది. WORKDAY ఆ రోజుని లెక్కలోకి తీసుకోదు, మర్నాటి నుంచి ఒకటి అంటుంది. శని, ఆదివారాలు రెండూ వదిలేస్తుంది. దసరా రోజునీ, సిరిమాను తిరిగే మంగళవారాన్నీ మాత్రం మామూలు పని దినాలుగా లెక్కేసి 15 దగ్గర ఆగింది.

ఇప్పుడు సెలవుల జాబితా ఇద్దాం. F2 నుంచి కిందకి, గడికి ఒక తారీకు చొప్పున అక్టోబరు 2, 7 తారీకుల్ని నెల, ఏడాదితో సహా టైపు చెయ్యండి. పేర్లు కావాలంటే పక్క కాలమ్‌లో రాసుకోండి. ఈ గడుల్లో తారీకు తప్ప ఇంకేమీ ఉండకూడదు. వరస తప్పినా ఫరవాలేదు.

```
=WORKDAY(A2,10,$F$2:$F$30)
```

ఈసారి 17 వచ్చింది. అదేంటి, 16 రావాలి కదా? ఎందుకంటే మీ ఆఫీసు 4వ తారీకు శనివారం తెరిచే ఉంటుంది, WORKDAY దాన్ని కూడా సెలవు కిందే చూసింది. శనివారం పనిచేసే చోట WORKDAY పనికిరాదు, WORKDAY.INTL వాడాలి. అందులో 11 అని రాస్తే ఆదివారం ఒక్కటే వారాంతపు సెలవు:

```
=WORKDAY.INTL(A2,10,11,$F$2:$F$30)
```

ఇది మళ్లీ 15 చూపిస్తుంది! మొదట వచ్చిన తప్పు తారీకే, కానీ కారణం వేరు. ఇప్పుడు 11వ తారీకు రెండో శనివారం కూడా పని దినం అయిపోయింది. "రెండో శనివారం" అని చెప్పే కోడ్ ఎక్సెల్‌లో లేదు. అందుకని వాటిని కూడా సెలవుల జాబితాలోనే వెయ్యాలి. క్యాలెండర్ చూసి పన్నెండూ కొట్టక్కర్లేదు. F4లో ఇది పెట్టి పన్నెండు గడులు కిందకి లాగండి:

```
=DATE(2025,ROW(A1),14)-MOD(DATE(2025,ROW(A1),14),7)
```

రెండో శనివారం ఎప్పుడూ 8కీ 14కీ మధ్యే పడుతుంది. 14 నుంచి వెనక్కి వెళ్తే తగిలే మొదటి శనివారమే అది. అక్టోబరుకి 11 వస్తుంది. ఇప్పుడు గడువు గడి చూడండి: 16 అక్టోబరు, గురువారం. 3, 4, 6, 8, 9, 10, 13, 14, 15, 16. సరిగ్గా పది.

తారీకు బదులు 45946 లాంటి అంకె కనిపిస్తే కంగారు పడకండి, గడి ఫార్మాట్‌ని తేదీకి మార్చండి చాలు. అసలు భయపడాల్సింది వేరే ఉంది. కంప్యూటర్‌లో అమెరికా తేదీ పద్ధతి ఉంటే 07/10/2025 అని కొట్టినప్పుడు అది జులై 10 అయిపోతుంది. ఎర్రర్ ఏమీ రాదు, సిరిమాను సెలవు మాత్రం గల్లంతు. అందుకే F కాలమ్‌కి ఈ కస్టమ్ ఫార్మాట్ పెట్టండి:

```
dd-mmm-yyyy ddd
```

7 అక్టోబరు పక్కన Tue, రెండో శనివారాలన్నిటికీ Sat కనిపించాలి. ఎక్కడైనా వేరే వారం కనిపించిందంటే ఆ తారీకు తిరగబడిందన్నమాట.

డాలర్ గుర్తులు మర్చిపోతే ఇంకో తంటా. ఫార్ములాని కిందకి లాగగానే F2:F30 కాస్తా F3:F31 అవుతుంది, రెండో వరసకే దసరా జాబితాలోంచి జారిపోతుంది. మొదటి వరస ఒక్కటే చూసి సరిపెట్టుకునేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

కొన్ని ఆఫీసుల్లో అప్లికేషన్ తీసుకున్న రోజే మొదటి రోజు. అలాంటిచోట 10ని 9 చెయ్యకండి. ఏదైనా సెలవు రోజు తారీకు A2లో పడితే గడువు ఒక రోజు ముందే వచ్చేస్తుంది. దానికి బదులు ఒక రోజు వెనక నుంచి మొదలుపెట్టండి:

```
=WORKDAY.INTL(A2-1,10,11,$F$2:$F$30)
```

ఇదే ఫైలు శ్రీకాకుళం బ్రాంచికి పంపేటప్పుడు అక్కడ 7న ఆఫీసు తెరిచే ఉంటుందేమో కనుక్కోండి. తెరిచే ఉంటే ఆ ఒక్క గడి ఖాళీ చెయ్యండి, మర్నాటి నుంచి లెక్కేసే మీ ఫార్ములాలో గడువు 15కి వస్తుంది. ఈసారి ఆ 15 కరెక్టే.