మూడు మీటర్ల సన్న కేబుల్‌లో పోయే అర వోల్టు

అందరికీ నమస్కారం.

మా అమ్మ మంచం దగ్గర ప్లగ్ పాయింట్ లేదు. అందుకని మూడు మీటర్ల చార్జింగ్ కేబుల్ ఒకటి చవకగా దొరికితే తెచ్చాను. రాత్రి పదింటికి 15 శాతం ఉన్నప్పుడు ఫోన్ పెట్టింది. తెల్లవారి ఆరింటికి చూస్తే 70 కూడా దాటలేదు. "ఫోన్ పోయిందా నాన్నా?" అని ఆమెకు టెన్షన్. అదే చార్జర్‌కి పాత మీటరు కేబుల్ పెడితే మూడు గంటల్లో నిండిపోయింది. అంటే ఫోన్‌లోనూ, చార్జర్‌లోనూ లోపం లేదు. మిగిలింది తీగ.

పల్లెల నుంచి వచ్చినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉన్న బోరు మోటారు బాగా తిరుగుతుంది, లైను చివర ఉన్నది లో వోల్టేజితో మూలుగుతుంది. కరెంటు తీగలో నడిచేటప్పుడు తీగ నిరోధం కొంత వోల్టేజిని తినేస్తుంది. తీగ ఎంత పొడవైతే, ఎంత సన్నమైతే అంత ఎక్కువ తింటుంది.

తీగ మందాన్ని గేజ్ నంబరుతో చెబుతారు. ఈ నంబరు తిరకాసుగా ఉంటుంది, పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. ఫోన్ కేబుళ్ల మీద ఉండేది అమెరికన్ గేజ్, `AWG` అని రాస్తారు. 28 గేజ్ రాగి తీగ మందం 0.32 మిల్లీమీటర్లు, మీటరుకు నిరోధం 0.213 ఓములు. 24 గేజ్ మందం 0.51 మిల్లీమీటర్లు, నిరోధం 0.084 ఓములు. చేత్తో పట్టుకుంటే పెద్ద తేడా తెలియదు గానీ నిరోధం రెండున్నర రెట్లు మారిపోయింది.

ఇక అమ్మ కేబుల్ లెక్క చూద్దాం. లోపలి తీగలు 28 గేజ్ అనుకుందాం. పొడవు 3 మీటర్లు, కానీ కరెంటు ఎర్ర తీగలో వెళ్లి నల్ల తీగలో తిరిగి రావాలి. చాలామంది ఇక్కడే సగం లెక్క వదిలేస్తారు. దారి మొత్తం 6 మీటర్లు, నిరోధం సుమారు 1.28 ఓములు. చార్జర్ ఇచ్చేది 5 వోల్టులు. ఫోన్ 2 ఆంపియర్లు లాగాలని చూస్తే దారిలోనే 2.56 వోల్టులు పోవాలి. మిగిలిన రెండున్నర వోల్టులతో బ్యాటరీ ఎక్కదు.

బోరు మోటారుకీ ఫోన్‌కీ తేడా ఇక్కడే ఉంది. వోల్టేజి తగ్గితే మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగి వైండింగ్ కాల్చుకుంటుంది. ఫోన్‌లోని చార్జింగ్ చిప్ అలా చేయదు. తన దగ్గరికి వచ్చే వోల్టేజి ఒక హద్దు కంటే పడిపోతుంటే లాగే కరెంటునే తగ్గించుకుంటుంది. ఆ హద్దు ఫోన్‌ని బట్టి మారుతుంది, సుమారు నాలుగున్నర వోల్టులు అనుకోండి. అంటే దారిలో పోగొట్టుకోవడానికి అర వోల్టే ఉంది. అర వోల్టును 1.28తో భాగిస్తే 0.39 ఆంపియర్. నాలుగున్నర వోల్టుల దగ్గర అది పావుతక్కువ రెండు వాట్లు. 5000 మిల్లీఆంపియర్ అవర్ల బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్ అవర్లు. చిప్‌లో పోయేది పోను, నిండడానికి పన్నెండు గంటలు పడుతుంది. మధ్యలో వీడియో చూస్తే ఫోనే ఆ వాట్లన్నీ తాగేస్తుంది. చార్జింగ్ గుర్తు వెలుగుతూనే ఉంటుంది, శాతం మాత్రం కదలదు.

అదే 3 మీటర్లు 24 గేజ్ అయితే నిరోధం 0.5 ఓము, కరెంటు దాదాపు 1 ఆంపియర్ వస్తుంది. మీటరు పొడవైతే నిరోధం 0.17, రెండు ఆంపియర్లూ సాఫీగా వెళ్తాయి.

"కేబుల్ వేడెక్కలేదు కదా, బాగానే ఉంది" అనుకోకండి. ఫోన్ కరెంటు తగ్గించుకున్నాక ఈ కేబుల్ మొత్తంలో పుట్టే వేడి 0.2 వాటు. చల్లగా ఉండటం మంచి కేబుల్ గుర్తు కాదు.

ఫాస్ట్ చార్జర్‌తో ఇదే కేబుల్ కొంత నయంగా అనిపించవచ్చు. చార్జర్, ఫోన్ మాట్లాడుకుని వోల్టేజిని 9కి పెంచుకుంటే, అదే 10 వాట్లకు 1.1 ఆంపియర్ చాలు. దారిలో ఒకటిన్నర వోల్టు పోయినా ఏడున్నర మిగులుతుంది. ఊళ్ల మధ్య కరెంటుని హైటెన్షన్ లైన్లలో పంపేది కూడా ఇందుకే.

కొనేముందు కేబుల్ తొడుగు మీద సన్న అక్షరాలు చదవండి. కొన్నిటి మీద ఇలా ఉంటుంది:

`28AWG/1P+24AWG/2C`

ఇందులో మొదటిది డేటా తీగల జత, దాన్ని వదిలేయండి. `2C` ముందున్నదే పవర్ తీగల గేజ్. అక్కడ కూడా 28 ఉంటే మీటరు పొడవు వరకే పనికొస్తుంది. అయితే అచ్చు వేసినంత మాత్రాన లోపల అదే ఉందని నమ్మలేం. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ కూడా ఉండవచ్చు, దాని నిరోధం అదే మందం రాగి కంటే ఒకటిన్నర రెట్లు దాకా ఎక్కువ.

అందుకే ఇంట్లో పరీక్షించుకోండి. ఒకే చార్జర్, ఒకే ఫోన్, స్క్రీన్ ఆపేసి, 20 నుంచి 50 శాతం మధ్య ఒక్కో కేబుల్‌తో అరగంటకు ఎంత ఎక్కిందో రాసుకోండి. 80 దాటాక పరీక్షించవద్దు, అప్పుడు ఏ కేబుల్ పెట్టినా ఫోన్ కరెంటు తగ్గించేస్తుంది. అమ్మకు నేను చివరికి చేసింది ఏమిటంటే, మంచం దాకా ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి, పాత మీటరు కేబులే పెట్టాను. 230 వోల్టుల దగ్గర ఆ చిన్న చార్జర్ లాగేది ఆంపియర్‌లో పదో వంతు కూడా ఉండదు, ఆ మూడు మీటర్లలో పోయేది లెక్కలోకి రాదు.